‘ఆఁ, గదే’ అనేదాకా ఆగాలి

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. ఐదు నెలల నుంచి ఒక బ్యాంకు కస్టమర్ కేర్‌లో కాల్స్ తీసుకుంటున్నాను. పోయిన వారం ఒకాయన పైసలు కట్ అయి నాలుగు రోజులైంది, తిరిగి రాలేదని ఫోన్‌లో అరిచాడు. స్క్రిప్ట్‌లో ఉన్నట్టే ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అన్నాను. ఇంకా గట్టిగా అరిచాడు. ‘సార్, ముందు మీరు కామ్ అవ్వండి’ అన్నాను. ఇక బూతులే. మ్యూట్ పెట్టుకుని ఏడ్చాను. కాల్స్ విని మార్కులు వేసే క్వాలిటీ వాళ్ళు ఎంపథీ దగ్గర సున్నా వేశారు. మా టీమ్ లీడర్, అదే టీఎల్, ‘ఎంపథీ చూపించు’ అంటాడు తప్ప ఎట్లా చూపించాలో చెప్పడు. ఇప్పుడు బీప్ వినిపిస్తేనే చేతులు వణుకుతున్నాయి. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లె, ముందు ఆ స్క్రిప్ట్ వాక్యం సంగతి తేల్చుకుందాం. కాజీపేట స్టేషన్‌లో రైలు రెండు గంటలు లేటైతే మైకులో వినిపించే మాట అది. మన ఇళ్ళల్లో ఎవరూ ఎవరితోనూ అట్లా అనరు. అవతలి మనిషి చెవిలో ఆ మాట పడగానే ‘నేను మనిషితో కాదు, మైకుతో మాట్లాడుతున్నా’ అనుకుంటాడు. మైకు మీద ఎంత అరిచినా తప్పు లేదు కదా! నీ స్క్రిప్ట్‌లో ఆ వాక్యం తప్పనిసరి అయితే కాల్ చివర్లో చెప్పు. మొదట్లో మాత్రం వద్దు.

‘కామ్ అవ్వండి’ అన్నది ఇంకా పెద్ద పొరపాటు. ఆయన తన పైసల గురించి మాట్లాడుతుంటే నువ్వు ఆయన గొంతు గురించి మాట్లాడావు. అప్పటిదాకా తప్పు బ్యాంకుది, ఆ ఒక్క మాటతో తప్పు ఆయనదైపోయింది. నేను తొమ్మిదేళ్ళు కాల్ సెంటర్ ఫ్లోర్ మీద ఉన్నాను, అందులో నాలుగేళ్ళు టీఎల్‌గా. ‘కామ్ అవ్వండి’ అంటే కామ్ అయిన కస్టమర్‌ని ఒక్కరినీ చూడలేదు.

మరి ఏమనాలి? నీ కాల్‌ లాంటిదే నాకూ ఒకటి వచ్చింది. అందులో నేను కూడా మొదట తప్పే చేశాను. అందుకే అదే చెబుతాను.

గురువారం మధ్యాహ్నం. నర్సంపేట వైపు నుంచి ఒక రైతు. సోమవారం పొద్దున పురుగుమందుల దుకాణంలో మిర్చికి కొట్టే మందు తీసుకుని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 6,400 రూపాయలు కట్టాడు. ఆయన ఖాతాలో కట్ అయ్యాయి. దుకాణంలో సౌండ్ బాక్స్ మోగలేదు. ‘నాకు రాలే’ అన్నాడు దుకాణం ఆయన. చివరికి బావమరిదికి ఫోన్ చేసి, నగదు తెప్పించి, రెండోసారి కట్టి మందు తెచ్చుకున్నాడు. అదే రోజు మాకు ఫోన్ చేస్తే మా వాళ్ళెవరో 24 గంటల్లో వస్తాయన్నారు. బుధవారం చేస్తే ప్రాసెస్‌లో ఉందన్నారు. గురువారం నా వంతు.

‘ఏమమ్మా, మీరు మనుషులేనా? నాల్గు రోజుల సంది తిప్పుతున్నరు. ఒకామె 24 గంటలంటది, ఒకాయన ప్రాసెస్ అంటడు. నా పైసలు తిన్నరా ఏంది? ఆ దుకాణంల అందరి ముంగట దొంగోని లెక్క నిలవడ్డ...’

నిమిషంన్నర దాకా ఆగలేదు. నేనూ అడ్డం వెళ్ళలేదు. మధ్య మధ్యలో ‘ఊఁ’, ‘చెప్పండన్నా’, అంతే. పూర్తిగా నిశ్శబ్దంగా ఉంటే ‘ఉన్నవా, పెట్టేసినవా?’ అని ఇంకో కోపం మొదలవుతుంది. కాబట్టి ఆ చిన్న ఊకొట్టడం అవసరం. మ్యూట్‌లో పెట్టుకుని వింటే ఆ ఊకొట్టడం ఆయనకు వినపడదు. ఆయన మాట్లాడుతుంటే నేను ప్యాడ్ మీద రాసుకున్నాను: 6,400. సోమవారం. 24 గంటలని చెప్పాం. ఇంతే రాసుకున్నాను, అక్కడే తప్పు జరిగింది.

ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు అన్నాను: ‘అన్నా, సోమవారం మీకు 6,400 కట్ అయినయి, 24 గంటల్లో వస్తయని మావాళ్ళు చెప్పిన్రు, ఇప్పటికీ రాలేదు. ఇదే కదా?’

‘అది కాదమ్మా! నేన్ చెప్పేది ఇనవేంది?’ అని మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. గొంతు ఇంకొంచెం పెరిగింది.

చెల్లె, ‘అది కాదమ్మా’ అనే మాట ఎక్కడ వినిపించినా చెవులు రిక్కించు. కస్టమర్ అదే కథ రెండోసారి మొదలుపెట్టాడంటే మొండిగా ఉన్నాడని కాదు, నువ్వు ఏదో వదిలేశావని. రెండోసారి చెప్పేటప్పుడు ఆ వదిలేసిన దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాడు. ఈయన దుకాణం దగ్గర ఆగాడు. వెనక ఎంతమంది నిలబడ్డారో, అందులో తమ ఊరివాళ్ళు ఎవరున్నారో, దుకాణం ఆయన ఏ చూపు చూశాడో, బావమరిదిని అడగాల్సి రావడం ఎట్లా ఉందో. అప్పుడు నాకు వెలిగింది. ఈయన కోపం 6,400 మీద ఒక పాలైతే, పదిమందిలో పరువు పోయిన దాని మీద మూడు పాళ్ళు. పైసలు శనివారం వచ్చినా ఆదివారం వచ్చినా ఆ పూట మాత్రం తిరిగి రాదు.

ఈసారి ఇట్లా అన్నాను: ‘అన్నా, పైసలు కట్టిన మీరే కట్టనోళ్ళ లెక్క అందరి ముందు నిలబడాల్సొచ్చింది. బావమరిదిని అడిగి రెండోసారి కట్టిన్రు. అది చాలదన్నట్టు మేము 24 గంటలని చెప్పి, ఆ మాట నిలుపుకోలేదు.’

చెప్పి ఊరుకున్నాను. రెండు సెకన్లు, మూడు సెకన్లు. హెడ్‌సెట్‌లో ఆ మూడు సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయి, నీకు తెలుసు.

‘ఆఁ, గదే,’ అన్నాడు. గొంతు సగానికి దిగింది.

మీ టీఎల్ చెప్పలేకపోయిన ఎంపథీ ఇదే. అది గొంతులో తేనె పూసుకోవడం కాదు. ఆయనకు జరిగినదాన్ని ఆయనకంటే తక్కువ మాటల్లో, ఏదీ వదలకుండా, ఆయన వాడిన మాటలతోనే తిరిగి చెప్పడం. సరిగ్గా చెప్పావో లేదో నువ్వు ఊహించుకోవాల్సిన పని లేదు, ఆయనే చెబుతాడు. ‘ఆఁ, గదే’ అనో, ‘మరి!’ అనో, ‘ఇగో, ఇప్పుడన్నవ్’ అనో. ఆ మాట వచ్చేదాకా పరిష్కారం మొదలుపెట్టొద్దు. ముందే మొదలుపెడితే నువ్వు ఎంత మంచి పరిష్కారం చెప్పినా ఆయన వినడు, తన కథ పూర్తి చేయడానికి సందు కోసం చూస్తుంటాడు.

‘మీ బాధ నాకు అర్థమైంది సార్’ అంటే సరిపోదా అంటావు. సరిపోదు. ఏం అర్థమైందో చెప్పకుండా అర్థమైందంటే ఎవరూ నమ్మరు. తెలివైన కస్టమర్ అయితే ‘ఏమర్థమైంది? చెప్పు’ అని నిలదీస్తాడు కూడా. నన్ను ఒక రిటైర్డ్ మాస్టారు అట్లాగే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ నీకు రెండు అనుమానాలు రావచ్చు. మొదటిది, వెరిఫికేషన్ కాకుండా ఇంత మాట్లాడొచ్చా అని. ఆయన చెప్పినదాన్ని ఆయనకే తిరిగి చెప్పడానికి వెరిఫికేషన్ అక్కర్లేదు. ఖాతాలో నీకు కనిపిస్తున్నది చెప్పడానికి కావాలి. కాబట్టి ముందు విను, తిరిగి చెప్పు, ‘గదే’ అనిపించుకో, ఆ తర్వాతే పుట్టిన తేదీ అడుగు. అరుస్తున్న మనిషిని మొదటి పది సెకన్లలోనే ‘మీ పుట్టిన తేదీ చెప్పండి’ అంటే మండిపోతాడు. అడిగేటప్పుడు కారణం కలిపి అడిగితే ఇంకా మేలు: ‘అన్నా, మీ పేరు చెప్పి ఇంకెవరూ మీ లెక్కలు అడగకుండా రెండు ప్రశ్నలు అడుగుతాను, వెంటనే ఖాతా చూస్తాను.’

రెండోది, ఇట్లా ఒప్పుకుంటే తప్పు బ్యాంకుదని నేనే అన్నట్టు కాదా అని. కాదు. ‘24 గంటలని చెప్పి మాట నిలుపుకోలేదు’ అన్నది పాత కాల్ నోట్స్‌లో ఉంటే ధైర్యంగా అను, అది నిజం. నోట్స్‌లో లేకపోతే ‘మీకు 24 గంటలని చెప్పినప్పుడు మీరు మంగళవారం నుంచే ఎదురుచూస్తారు, అందులో తప్పేముంది’ అను. ‘మా బ్యాంకు మీ పైసలు పోగొట్టింది’ అనొద్దు, ఎందుకంటే ఎక్కడ ఆగాయో నీకు ఇంకా తెలియదు. అట్లాగే ‘సోమవారం కాల్ తీసుకున్న ఆమెకు తెలియదు’ అని తోటి ఏజెంట్ మీదకో, ‘దుకాణం వాళ్ళ బ్యాంకుది తప్పు’ అని అవతలికో తోయొద్దు. కస్టమర్‌కు మీరంతా ఒక్కటే. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారంటే ఇక ఎవరినీ నమ్మడు.

ఇంకో చిన్న మాట. ఒప్పుకోలు చెప్పి వెంటనే ‘కానీ’ అన్నావంటే ముందు చెప్పిందంతా కొట్టుకుపోతుంది. ‘మీకు ఇబ్బంది అయింది సార్, కానీ రూల్ ప్రకారం...’ అనగానే ఆయన చెవిలో పడేది ‘కానీ’ ఒక్కటే. అక్కడ వాక్యం ముగించు. ఆగు. కొత్త వాక్యం మొదలుపెట్టు.

(నేను ‘అన్నా’ అన్నాను. మీ కంపెనీలో ‘సార్’ తప్ప ఇంకేమీ అనొద్దని ఉంటే సార్ అనే అను. పిలుపు వల్ల కాల్ చెడదు. ఒకే వాక్యంలో మూడుసార్లు సార్ అంటే మాత్రం వెటకారంలా వినిపిస్తుంది.)

ఇక అసలు కష్టమైన భాగం. ఖాతా చూడటానికి హోల్డ్ పెట్టాలి. ‘ఒక్క నిమిషం సార్’ అని పాట పెట్టి నాలుగు నిమిషాలు మాయమవడం మనందరం చేసిన పనే. నేను ‘అన్నా, రెండు నిమిషాలు పడుతుంది, లైన్‌లో ఉంటారా?’ అని అడిగాను. సరే అన్నాడు. పని కాకపోయినా రెండు నిమిషాలకు తిరిగొచ్చి ‘ఇంకో నిమిషం కావాలి’ అని చెప్పాలి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. మాట తప్పారని కోపంతో ఉన్న మనిషికి, మనం చెప్పిన సమయానికి ఒకటి చేసి చూపించే మొదటి అవకాశం ఆ హోల్డే.

తెర మీద ఏముందంటే, సోమవారం 6,400 డెబిట్ అయింది, దుకాణం వైపు నుంచి కన్ఫర్మేషన్ లేదు. ఇక్కడ ఏజెంట్‌కు రూల్ కచ్చితంగా తెలిసి ఉండాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్‌లో ఫెయిలైన లావాదేవీలకు గడువులు ఉన్నాయి. యూపీఐలో ఒక మనిషి ఇంకో మనిషికి పంపినప్పుడు ఇక్కడ కట్ అయి అక్కడ పడకపోతే, పంపిన రోజు కాక ఒక్క రోజులో తిరిగి పడాలి. దుకాణంలో కట్టినప్పుడు అక్కడ కన్ఫర్మేషన్ రాకపోతే, కట్టిన రోజు కాక ఐదు రోజులు. ఇవి క్యాలెండర్ రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు ఇవ్వాలి, అది కూడా ఆయన ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా.

సోమవారం కాల్ తీసుకున్న ఏజెంట్ మొదటి రూల్‌ను రెండో దానికి వాడినట్టుంది. 24 గంటలన్నది అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ఆ పొరపాటు లేకపోతే ఈ గురువారం కాల్ ఇంత వేడిగా వచ్చేదే కాదు. నిజానికి మనకొచ్చే కోపంలో పెద్ద భాగం అసలు సమస్య మీద కాదు, ముందు కాల్‌లో ఇచ్చిన మాట మీద. ఏదో చెప్పి కాల్ కట్ చేయడానికి ఇచ్చిన తేదీ, రెండు రోజుల తర్వాత పక్క సీటు వాళ్ళ మీద పడుతుంది.

ఆయనకు చెప్పింది ఇది: ‘అన్నా, ఉన్నమాట చెప్తాను, వినడానికి బాగుండదు. ఈరోజే వస్తయని నేను మాట ఇవ్వలేను. దుకాణంల కట్టిన పైసలు తిరిగి పడడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన గడువు, కట్టిన రోజు కాక ఐదు రోజులు. మీరు కట్టింది సోమవారం. అంటే శనివారం రాత్రి వరకు గడువుంది.’

‘శనివారమా!’ అని మళ్ళీ లేచాడు.

ఈ రెండో పొంగు దాదాపు ప్రతి కాల్‌లోనూ వస్తుంది. దీన్ని చూసి చాలామంది కొత్తవాళ్ళు బెదిరిపోయి, రూల్‌ను మళ్ళీ మొదటి నుంచి వివరిస్తారు. లేకపోతే ఇంకా ఘోరం, ‘ఈరోజే వచ్చేలా చూస్తాను సార్’ అనేస్తారు. రెండూ వద్దు. ఆయనకు రూల్ అర్థం కాక కాదు అరిచింది, అర్థమైంది కాబట్టే అరిచాడు. నేను ఒక్కటే అన్నాను: ‘24 గంటలు అని నమ్మి కూసున్న మనిషికి శనివారం అంటే కోపం రాదా మరి.’ ఊరుకున్నాను. గొణిగాడు. మావాళ్ళను తిట్టాడు, నన్ను కాదు. తర్వాత వచ్చింది నేను ఎదురుచూస్తున్న మాట: ‘మరి ఇప్పుడు నేనేం చెయ్యాలె?’

ఈ ప్రశ్న రాగానే కాల్ మలుపు తిరిగినట్టే. అప్పటిదాకా జరిగినదాని గురించి మాట్లాడిన మనిషి, జరగబోయేదాని గురించి అడుగుతున్నాడు. ఇక నెక్స్ట్ స్టెప్స్ చెప్పొచ్చు. ఎవరు, ఏం, ఎప్పటికి, ఈ మూడూ ప్రతి వాక్యంలో ఉండాలి. ‘ప్రాసెస్‌లో ఉంది’లో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు, గమనించు. ‘చూస్తాం’, ‘త్వరలోనే’, ‘పైకి పంపించాం’ అన్నవీ అంతే.

నేను చెప్పింది: ‘నేను ఇప్పుడే, మీరు లైన్‌లో ఉండగానే ఫిర్యాదు ఎక్కిస్తున్నా. నంబర్ మీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, వచ్చిందని మీరు చెప్పేదాకా నేను ఫోన్ పెట్టను. మీరు చేయాల్సింది ఒక్కటే. రేపు ఆ దుకాణం ఆయనను ఖాతా స్టేట్‌మెంట్ చూసుకోమనండి. సౌండ్ బాక్స్ కాదు, స్టేట్‌మెంట్. సోమవారం తేదీతో మీ 6,400 ఆలస్యంగా పడి ఉంటే ఆయన దగ్గరే ఉన్నట్టు. మీరు నగదు కూడా కట్టిన్రు కాబట్టి ఆయనే తిరిగి ఇయ్యాలె. పడలేదంటే శనివారం లోపు మీ ఖాతాలో పడాలె. అప్పటికీ రాకపోతే ఆదివారం నుంచి రోజుకు వంద రూపాయలు కలిపి బ్యాంకు ఇయ్యాలె.’

స్టేట్‌మెంట్ సంగతి చాలామంది ఏజెంట్లు చెప్పరు. చెప్పాలి. నెట్‌వర్క్ నెమ్మదించి సౌండ్ బాక్స్ మోగకపోయినా, డబ్బు తర్వాత దుకాణం ఖాతాలో పడిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు తిరిగి రావడానికి ఏమీ ఉండదు. నువ్వు ‘శనివారం మీకు వచ్చేస్తాయి’ అని ఊరికే చెప్పి ఉంటే, ఆదివారం నాలుగో కాల్ వస్తుంది. దుకాణం ఆయన తన ఖాతాలో వెతకడానికి 12 అంకెల యూటీఆర్ నంబర్ కావాలి. అది కస్టమర్ యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ వివరాల్లోనే ఉంటుంది. ఎక్కడ నొక్కాలో చెప్పి, ఆయనతోనే చదివించాను. చేతిలో పని దొరికిన మనిషి గొంతు ఎట్లా మారుతుందో అప్పుడు చూడాలి.

ఫోన్ పెట్టేముందు ఇంకొకటి చెప్పాను. ‘అన్నా, ఈ లోపల ఎవరైనా ఫోన్ చేసి మీ పైసలు తిరిగి వేస్తాం, పిన్ కొట్టండి అంటే నమ్మకండి. యూపీఐ పిన్ పైసలు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు. నెట్‌ల కస్టమర్ కేర్ నంబర్ వెతక్కండి, కార్డు వెనక ఉన్న నంబర్‌కే చెయ్యండి.’ కోపంతో, తొందరతో ఉన్న మనిషే నెట్‌లో నంబర్ వెతికి దొంగల చేతిలో పడతాడు. ఇప్పటికే 6,400 ఇరుక్కున్న మనిషికి ఇంకో నలభై వేలు పోతే ఏం చెయ్యగలం? అట్లా జరిగితే వెంటనే 1930కి చేయాలని కూడా నీకు తెలిసి ఉండాలి.

ఆయన థాంక్స్ చెప్పలేదు. ‘సూస్త, శనివారం దాక’ అని పెట్టేశాడు. మొత్తం పదకొండు నిమిషాలు. ఆ రోజు నా ఏహెచ్‌టీ, అంటే ఒక్కో కాల్‌కు పట్టే సగటు సమయం, దెబ్బతింది. అంతకుముందు రెండు కాల్స్ మాత్రం మూడేసి నిమిషాల్లో అయిపోయాయట!

కాల్ అయ్యాక నోట్స్‌లో ఇట్లా రాశాను: ‘దుకాణం చెల్లింపు, 6,400, సోమ. గతంలో 24 గం. అని తప్పుగా చెప్పారు. గడువు శని రాత్రి అని చెప్పాను. దుకాణం స్టేట్‌మెంట్ చూడమన్నాను. మళ్ళీ చేస్తే ముందు అదే అడగండి, కథ మొదటి నుంచి అడగొద్దు.’ ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. నాలుగోసారి ఫోన్ చేసిన మనిషిని ‘మీ సమస్య ఏంటో చెప్పండి సార్’ అంటే నా పదకొండు నిమిషాలూ బూడిదే.

కాల్‌బ్యాక్ గురించి ఒక మాట. ‘నేనే శనివారం ఫోన్ చేస్తాను’ అనాలని నాకూ నోటిదాకా వచ్చింది. శనివారం నా వీకాఫ్. అందుకే అనలేదు. మీ సిస్టమ్‌లో కాల్‌బ్యాక్ షెడ్యూల్ చేసే వీలుండి, ఎవరు చేస్తారో నీకు తెలిస్తేనే ఆ మాట ఇవ్వు.

‘మీ మీద కంప్లైంట్ చేస్తా, కోర్టుకు పోతా’ అంటే గాభరా పడకు, ఆపాలనీ చూడకు. దారి నువ్వే చెప్పు: బ్యాంకుకు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, అందుకు ఈ ఫిర్యాదు నంబరే ఆధారం అని. దాచనివాళ్ళ మీద అనుమానం తగ్గుతుంది. ‘మీ పెద్ద సార్‌కు ఇయ్యి’ అంటే ఒక్కసారి మాత్రం ‘ముందు నేను ప్రయత్నిస్తాను, అప్పటికీ కావాలంటే ఇస్తాను’ అను. మళ్ళీ అడిగితే ఇచ్చేయి. ఇచ్చేముందు కథంతా టీఎల్‌కు నువ్వే చెప్పు, కస్టమర్‌తో మళ్ళీ చెప్పించకు.

ఇక బూతుల సంగతి. ‘మీ బ్యాంకు దొంగ బ్యాంకు’ అన్నది కోపం, అది వినాలి, మన ఉద్యోగం. నిన్ను, మీ అమ్మను అన్నది కోపం కాదు, దాన్ని భరించడం మన ఉద్యోగం కాదు. గొంతు పెంచకుండా, బతిమాలకుండా ఒకసారి చెప్పు: ‘సార్, మీ పని నేను చేస్తాను. ఈ మాటలు వద్దు. ఇట్లాగే మాట్లాడితే కాల్ ఆపాల్సి వస్తుంది.’ మళ్ళీ అంటే మీ ఆఫీసు రూల్ ప్రకారం ఇంకోసారి హెచ్చరించి పెట్టేయి, నోట్స్‌లో ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. ఎన్ని హెచ్చరికల తర్వాత పెట్టేయొచ్చో మీ టీఎల్‌ను ఈమెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకో. నోటి మాట క్వాలిటీ ఫారం ముందు నిలబడదు. తాగి ఫోన్ చేసినవాళ్ళ దగ్గర పైన చెప్పిందేదీ పనిచేయదు. ఫిర్యాదు ఎక్కించి, నంబర్ పంపి, మర్యాదగా ముగించు.

చేతులు వణకడానికి నా దగ్గర మందు లేదు. నేను చేసేది చెబుతాను. అట్లాంటి కాల్ అయ్యాక తర్వాతి కాల్ మీద పడకుండా రెండు నిమిషాలు బ్రేక్ పెట్టుకుని లేచి, నీళ్ళ బాటిల్ నింపుకుని వచ్చేదాన్ని. ఆ రెండు నిమిషాలకు టీఎల్ అడిగితే ‘బూతుల కాల్’ అని చెప్పేదాన్ని. టీఎల్ అయ్యాక నా టీమ్ పిల్లలను నేను ఎప్పుడూ అడగలేదు.

సున్నా వేసిన ఆ కాల్ రికార్డింగ్ మీ టీఎల్‌ను అడిగి, ఆయన పక్కన కూర్చుని ఒకసారి విను. పెన్ను పట్టుకుని రెండే చూడు. కస్టమర్ మాట్లాడటం మొదలుపెట్టాక ఎన్నో సెకనులో నువ్వు మొదటి పూర్తి వాక్యం అన్నావు? ‘అది కాదమ్మా’ అని ఆయన ఎన్నిసార్లు అన్నాడు? నా నర్సంపేట కాల్‌లో ఒక్కసారి. నా మొదటి నెల కాల్ ఒకటి ఇప్పటికీ గుర్తుంది, అందులో ఐదుసార్లు. పదిహేడో సెకనులోనే నేను అడ్డం వెళ్ళి స్క్రిప్ట్ చదవడం మొదలుపెట్టాను.